మెచ్చుకున్నవాడికే ఆదివారం

కర్ణాటకలోని సింధనూరులో వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డుకి బాబ్జీ ఇన్‌చార్జి. తాతల కాలంలో కాలువ నీళ్లను నమ్ముకుని గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. మనిషి మంచోడే, నోరే మరీ తీపి. ఎవరికైనా పని చెప్పాలంటే ముందు ఇంత బెల్లం పెట్టందే చెప్పడు.

కోతలప్పుడు ఆదివారం కూడా షెడ్డులో ఒక మెకానిక్కు ఉండాలి. మిషను మడిలో ఆగిపోతే, పైన మబ్బు పట్టి ఉంటే, రైతు గతేంటి? ఆ ఒక్కడూ ఎవరో శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో బాబ్జీ చెబుతాడు. రాసి కాదు, గొంతు రికార్డు చేసి. మెకానిక్కులు ముగ్గురు: వీరబాబు, కిష్టప్ప, బసవలింగప్ప. చివరి ఇద్దరూ తెలుగు మాట్లాడతారు గానీ చదువుకున్నది కన్నడం మరి.

"మన కిష్టప్ప ఉన్నాడే, సింహం! అతను ఉండబట్టే షెడ్డు పరువు నిలబడింది. ఈ ఆదివారం కూడా అతనే చూసుకుంటాడు. అందరి తరఫునా థాంక్స్ కిష్టప్పా." వెనకే రెండు గులాబీల బొమ్మలు. ఎంత బాగా చెప్పానో అని తనే రెండుసార్లు విని మురిసిపోయాడు.

శనివారం పొద్దున్నే కిష్టప్ప వచ్చి బల్ల మీద స్పానర్ల సంచీ పెట్టాడు.

"నేను పోతున్న సారు. రాయచూరుల ఒక షెడ్డోళ్లు రమ్మంటున్నరు. మా ఊరు గిల్లేసూగూరుకు దగ్గరైతది, దినాం ఇంటికి పోవచ్చు."

బాబ్జీ కుర్చీలోంచి లేచాడు. కిష్టప్ప లేని షెడ్డు ఉప్పు లేని కూరే. "అదేంటయ్యా, నిన్ననే కదా నిన్నంత మెచ్చుకున్నాను!"

"గదే కదా సారు తక్లీఫు. మీరు మెచ్చుకున్నప్పుడల్ల ఆదివారం నాకే పడ్తది. గొణుక్కునే వీరబాబేమో ఇంట్ల కోడికూర తింటుండు. నా బిడ్డ నన్ను చూసి నెల దాటింది. ఫోన్ల మాట్లాడుమంటే మాట్లాడ్తలేదు."

కిష్టప్ప గొంతు పెంచలేదు. అదే బాబ్జీని ఎక్కువ కోసింది. హాజరు పుస్తకం తీసి చూశాడు. కోతలు మొదలై ఆరు ఆదివారాలు. కిష్టప్పకి నాలుగు, బసవలింగప్పకి ఒకటి, వీరబాబుకి ఒకటి. బాబ్జీకి సున్నా! ఆ సున్నా చూసేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాదనలేనివాడి నెత్తినే మోపి, పైన పొగడ్త కప్పాడన్నమాట ఇన్నాళ్లూ.

"ఈ ఒక్క ఆదివారం ఇంటికి వెళ్లిరా. ఆ తర్వాత నీ ఇష్టం" అని కిష్టప్పని పంపించి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మూడుసార్లు చెప్పి మూడుసార్లూ చెరిపేశాడు. పాత బెల్లం ఊరుకోదు కదా. నాలుగోసారి మాత్రం మామూలు గొంతుతో చెప్పాడు.

"ఆరు ఆదివారాల్లో కిష్టప్ప నాలుగు చేశాడు, మీరిద్దరూ ఒక్కోటి. నేను ఒక్కటీ చెయ్యలేదు. తప్పు నాదే. రేపు నేనుంటాను. వచ్చే వారం వీరబాబు, పైవారం బసవలింగప్ప, తర్వాత మళ్లీ నేను. కిష్టప్ప వంతు అందరి తర్వాతే. కుదరనివాళ్లు బుధవారంలోగా చెబితే మార్చుకుందాం. ఆదివారం చేసినవాళ్లకి ఆ వారంలోనే బదులు సెలవు, ఇంట్లో అమావాస్య పూజకి కావాలన్నా సరే. కిష్టప్పా, మొన్న వానలో గబ్బూరు దాకా వెళ్లి మిషను నడిపించి వచ్చావు. ఆ రోజు చెప్పాల్సిన థాంక్స్ ఇప్పుడు చెబుతున్నాను."

"సరే అన్నా, వస్తాలే" అన్నాడు వీరబాబు. ఈసారీ గొణిగాడు గానీ కాదనలేదు. బసవలింగప్ప ఒప్పుకున్నాడు.

ఆదివారం పదిగంటలకి బాళగనూరు నుంచి ఫోనొచ్చింది, బెల్టు తెగిందని. బాబ్జీ వెళ్లాడు. మోకాలిలోతు బురద. ఇంజను ఆపించి, తాళం జేబులో వేసుకుని, మిషను కిందికి దూరాడు. ఎంత లాగినా కొత్త బెల్టు చక్రం మీదికి ఎక్కదే! గట్టు మీద రైతు ఊరుకోడు కదా. "కిష్టప్ప రాలేదేం? ఆయనైతే అరగంటలో తేల్చేస్తాడండీ" అన్నాడు. ఫోను చేసి అడుగుదామని చెయ్యి జేబు దాకా వెళ్లింది. పాపం, ఇవాళైనా బిడ్డ దగ్గర ఉండనీ అని మానుకున్నాడు. పని అయ్యేసరికి రెండున్నర గంటలు పట్టింది. రెండు వేళ్లు చెక్కుకుపోయాయి.

ఇంటికొచ్చి స్నానం కూడా చెయ్యకుండా గ్రూపులో చెప్పాడు. "బాళగనూరులో బెల్టు మార్చాను. రెండున్నర గంటలు. కిష్టప్ప అరగంటలో చేస్తాడట. ఇన్నాళ్లూ సింహం అన్నానే గానీ, ఆ పనేంటో నాకు తెలీదు."

కాసేపటికి కిష్టప్ప గొంతు వచ్చింది. వెనకాల ఎవరో పిల్ల పకపకా నవ్వుతోంది.

"ముందుగాల బిగింపు బోల్టు వదులు చేయాలె సారు, గప్పుడే బెల్టు ఎక్కుతది. రేపు వస్త, చూపిస్త. ఆ రాయచూరు షెడ్డోళ్లకు రానని చెప్పిన."