వేళ్ళకున్న ఇసుక

పొద్దున్న పదీ ఇరవైకి మార్కెట్ కమిటీ గుమాస్తా టీ గ్లాసు కింద పెట్టి, మా మేనకోడలి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తెరమీద ఉన్నది వాళ్ళమ్మ, అంటే మా అక్క, కూరగాయల కొట్టు. కొట్టంటే నేలమీద పరిచిన గోనెపట్టా, రెండు ప్లాస్టిక్ ట్రేలు. అక్క మొహం అందులో లేదు. తోటకూర కట్ట సర్దుతున్న చేయి మాత్రం ఉంది. హోటలువాళ్ళు ఆకుకూర ఎలా ఉందో చూపించమంటే మేనకోడలు అప్పట్లో తీసి పంపిన ఫోటో అది.

పాత మార్కెట్ పడగొట్టి షెడ్డు కట్టారు. పాత మార్కెట్లో కూర్చున్నవాళ్ళకి, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలకి, అందులో చోటిస్తారు. రుజువు కావాలి. కూర్చున్న చోటుకి రోజూ కట్టే ఆశీలు రుసుము చీటీలు అక్క సాయంత్రానికి చింపి పారేసేది. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. మాకు మిగిలింది ఈ ఫోటో ఒక్కటే.

"తేదీ సరిపోయిందండి. చోటే తెలీట్లేదు. ఇది నిడదవోలు సంతలో తీసిందని ఎవరో చెప్పారు," అన్నాడు గుమాస్తా. ఫోటో పెద్దది చేసి ట్రేమీది అక్షరాలు చూపించాడు. "ఇదిగో, మదనపల్లె అని ఉంది. మన ఊరని ఎక్కడుంది?"

ముందు రోజు రాత్రి ఆ ఫోటోలో నేను వెతికిందీ అక్షరాల్నే. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, ఇంకేం వెతకాలో తోచలేదు. ఆ ఊరి పేరు చూసి నేనూ దిగాలుపడ్డాను.

మేనకోడలు నవ్వింది. "టమాటా మదనపల్లె నుంచి రాక మన గోదాట్లో పండుద్దా అండీ? ఆ టమాటా ట్రే ఊరూరా తిరుగుద్ది. పెద్దక్షరాలు కాదండి, పక్కన ఎర్రరంగుతో రాసింది చూడండి."

ట్రే అంచున చేత్తో రాసిన రెండక్షరాలున్నాయి. ఖాళీ ట్రే తిరిగి రావాలి కాబట్టి ఏ కమీషన్ కొట్టు గుర్తు ఆ కొట్టువాళ్ళు రాసుకుంటారట. ఆ గుర్తు మా రైల్వే గేటు దగ్గరి కొట్టుది.

"ట్రేలు ఎవరైనా పట్టుకుపోవచ్చు కదమ్మా," అన్నాడు గుమాస్తా. ఆ మాట తప్పు కాదు.

"సరే, ట్రే వదిలెయ్యండి. తోటకూర చూడండి. వేళ్ళతో సహా పీకిన కూర. వేళ్ళకి ఏం అంటుకుంది?"

"మట్టి."

"మట్టి కాదండి, ఇసుక. తెల్లగా, పొడిగా ఉంది. మనకి పక్కనే, మొగల్తూరు వైపు మడుల్లోది. నిడదవోలు చుట్టుపక్కల పీకితే నల్లమట్టి ముద్దలా వస్తాది. మొగల్తూరు కూర బస్సెక్కించి నిడదవోలు పంపితే దిగేసరికి వాడి చచ్చుద్ది, ఆకు ఇలా నిలబడదు. టమాటా ఎక్కడికైనా పోద్ది. తోటకూర పోదు."

గుమాస్తా ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేంటి, మిరపకాయల కింద? న్యూస్‌పేపర్ కాదే."

అది నాకు తెలుసు. లేసు ఎగుమతి చేసే షావుకారు ఇంటి వెనక పారేసే మందపాటి గోధుమరంగు కాగితం. లేసు ముక్కలు చుట్టగా మిగిలింది. మూలన పెన్సిలుతో డిజైను నంబరు ఉంటుంది. అక్క రోజూ పొద్దున్నే అటుగా వచ్చి ఏరుకునేది. న్యూస్‌పేపర్ సిరా తడి మిరపకాయకి అంటుతుందని ఆవిడకి చిరాకు. ఫోటోలో ఆ పెన్సిలు నంబరు సగం కనిపిస్తోంది.

"లేసు చుట్టే కాగితమండి, లేసు పని ఇక్కడిది. ఈ కాగితం కావాలంటే లేసు షావుకారు ఇంటి వెనక సందులోకే వెళ్ళాలి," అన్నాను. "కూర మొగల్తూరుది, కాగితం ఈ ఊరిది, ట్రే గేటు దగ్గరిది. మూడూ కలిసేది ఒక్క చోటే."

"లేసు వేరే ఊళ్ళల్లోనూ ఉందండి," అన్నాడు. కానీ ఇంతకుముందు ఉన్న బిగింపు ఆ మాటలో లేదు.

"అయితే లేవండి. షావుకారు ఇంటికీ, గేటు దగ్గరికీ పోయి చూసొద్దాం. మీరు లేచి వచ్చేదాకా నేనీ బల్ల దగ్గర్నుంచి కదలను," అంది మేనకోడలు. కుర్చీ లాక్కుని కూర్చుంది కూడా. నేను పక్కన నిలబడ్డాను. ఎప్పుడూ ఎవరితోనూ గొడవపడని నాకు ఆ రోజు వెనక్కి తగ్గాలనిపించలేదు.

"ఇంత పట్టుదల ఏంటమ్మా," అంటూ అతను లేచాడు. ముగ్గురం వెళ్ళాం. లేసు ఇంటి వెనక అదే కాగితం, అదే పెన్సిలు రాత. కమీషన్ కొట్టులో రంగు డబ్బా, దొంతరలుగా ట్రేలు, ప్రతిదాని మీదా ఆ రెండక్షరాలు. పక్కనే అప్పుడే దిగిన తోటకూర. గుమాస్తా వంగి ఒక వేరు నలిపి, వేళ్ళు చూసుకున్నాడు. ఇసుక. జేబులోంచి పెన్ను తీశాడు.

షెడ్డులో పదకొండో నంబరు గట్టు ఇప్పుడు మేనకోడలిది. అక్క చేయి ఉన్న ఆ ఫోటో ప్రింటు తీయించి అక్కడ పెడదామన్నాను, వద్దంది. తోటకూర ఇప్పటికీ మొగల్తూరు నుంచే తెస్తుంది. లేసు షావుకారు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లు వాడుతున్నాడు. మా మార్కెట్లో మిరపకాయల కింద ఆ కాగితం ఎవరూ పరవడం లేదు.