మూడో బ్లాకు హెడ్డింగులు

నాకు అనుమానం ఎక్కువ. గుడిలో ప్రసాదం పెట్టినా వాసన చూడందే నోట్లో వేసుకోనని మా ఆవిడ నలుగురిలో చెప్పి నవ్విస్తుంటుంది. అయినా నేనేం సిగ్గుపడలేదు. దోహాలో మా కట్టడాల కంపెనీలో సెలవుల జాబితా తయారుచేసే ఉద్యోగం వచ్చాక, ఆ గుణమే నాకు అన్నం పెడుతోందని కూడా అనుకున్నాను.

ఆఫీసు వెస్ట్ బేలో. పనివాళ్ళుండే క్యాంపు ఊరి చివర. క్యాంపు బాగోగులు చూసే క్యాంపు బాస్ ప్రతినెలా అక్కడి వాళ్ళందరి వివరాలూ ఎక్సెల్‌లో పంపేవాడు. ఆయనది కడప వైపు. నాలుగు బ్లాకులకు నాలుగు పట్టికలు. అన్నీ ఒకే షీట్లో ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండేవి, ఒక్కసారి ప్రింట్ కొడితే అన్నీ వచ్చేస్తాయని. పైన బ్లాకు పేరు, దాని కింద హెడ్డింగులు, వాటి కింద మనుషుల పేర్లు, చివర మొత్తం ఎంతమందో. ఒక ఖాళీ వరస వదిలి మళ్ళీ ఇంకో బ్లాకు.

అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఖాళీ వరసలూ, బ్లాకు పేర్లూ, మొత్తాలూ తీసిపారేసేవాణ్ణి. మధ్యలో మళ్ళీ మళ్ళీ వచ్చే హెడ్డింగులు చెత్తలా కనిపించేవి, అవీ తీసేసేవాణ్ణి. అన్నిటికీ మొదటి బ్లాకు హెడ్డింగులే. ఐదో గడిలో సెలవు నుంచి తిరిగొచ్చిన తేదీ ఉంటుంది. సెలవు రెండేళ్ళకోసారి కాబట్టి దానికి రెండేళ్ళు కలిపి, ఈ నెలకు గడువు నిండినవాళ్ళను ఏరితే జాబితా తయారు.

ఆ నెల జాబితా మేనేజరు సంతకానికి వెళ్ళిన రెండో రోజున జగిత్యాల వైపు నుంచి వచ్చిన, ఇనుప చువ్వలు కట్టే ఒక స్టీల్ ఫిక్సర్ ఆఫీసుకొచ్చాడు. మూడో బ్లాకు మనిషి. హెల్మెట్ చేతిలో పట్టుకుని నా బల్ల పక్కన నిలబడ్డాడు.

"అన్నా, నా పేరు లేదంటున్నరు. ఎట్ల లేదన్నా? నేనొచ్చి రెండేండ్ల రెండు నెలలాయె."

"చూద్దాం, కూర్చో."

కూర్చోలేదు. "మా ఆమెకు కడుపుల గడ్డ అయింది. బీపీ గూడ ఉందట, ఆపరేషన్ జెయ్యాల్నని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద బిడ్డ పుట్టినప్పుడు కూడ నేను లేనన్నా. నేను పోయేసరికి నడుస్తుండె. నన్ను జూసి ఏడ్సి లోపల్కి ఉరికింది. గీసారన్న ఉండాలె."

షీట్ తెరిచాను. అతని ఐదో గడిలో తేదీ పోయిన ఏడాదిది. రెండేళ్ళు కాదు, ఏడాది కూడా సరిగ్గా నిండలేదు. కిందికీ పైకీ చూశాను. మూడో బ్లాకులో పంతొమ్మిది మంది, అందరి తేదీలూ ఒకే వారంలో! పంతొమ్మిది మందీ కట్టగట్టుకుని ఒకే వారంలో విమానం దిగారా? మూడో బ్లాకు నుంచి ఆ నెల ఒక్కడికీ సెలవు లేదు. మొదటి బ్లాకు నుంచి నలుగురు వెళ్తున్నారు. క్యాంపు బాస్ ఉండేది మొదటి బ్లాకులో, తినేది వాళ్ళతోనే. ఇంకేం కావాలి నాకు! దొంగ దొరికాడు, అదీ తేదీలు వేర్వేరుగా రాసే ఓపిక కూడా లేని బద్ధకపు దొంగ, అనుకున్నాను.

నోరు మూసుకుని ఉన్నా బాగుండేది. "ఇక్కడ మేమేం మార్చం తమ్ముడూ, క్యాంపు నుంచి ఏ తేదీ వస్తే అదే. అక్కడ ఎవరు రాస్తారో నీకు తెలుసుగా" అన్నాను.

అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. "సమజైంది అన్నా" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట క్యాంపంతా పాకింది. గురువారం నేను క్యాంపుకి వెళ్తే మెస్సులో క్యాంపు బాస్ కూర్చున్న బల్ల దగ్గరకు మూడో బ్లాకు వాళ్ళెవరూ రాలేదు. "ఏమప్పా, బాగుండావా?" అని ఆయన నన్ను పలకరించాడు. విననట్టు ఫోను చూసుకుంటూ వచ్చేశాను. ఆ పై వారమూ అంతే. ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. ఆయన నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఆధారాలు చేతికొచ్చాక మేనేజరు ముందు కడిగేద్దామని కాచుక్కూర్చున్నాను.

ఆధారాల కోసమే ఆయన పంపిన అసలు ఫైలు మెయిల్లోంచి మళ్ళీ దింపాను. ఈసారి ఏదీ చెరపదలుచుకోలేదు. ఏ బ్లాకులో ఎన్ని తేదీలు మార్చాడో విడివిడిగా చూపించాలి కదా. మొదటి గడిలో 'వరుస సంఖ్య' అని ఉన్న ప్రతిచోటా ఒక పట్టిక మొదలైనట్టు. అక్కణ్ణుంచి 'మొత్తం' అన్న వరసకు ముందుదాకా ఆ బ్లాకుది. ఖాళీ వరసను నమ్ముకుంటే లాభం లేదు. రెండో బ్లాకు మధ్యలోనే ఒక ఖాళీ వరస ఉంది. అక్కడితో ఆపితే పదమూడు మందే వచ్చారు, అడుగున మొత్తం ఇరవై నాలుగని ఉంది. అలా కిందివరకూ తీసుకుని, లెక్క సరిచూసుకుని, ఒక్కో బ్లాకునూ దాని హెడ్డింగులతో సహా ఒక్కో కొత్త షీట్లో పెట్టాను. బ్లాకు పేరుకు పక్కన వేరే గడి ఇచ్చాను.

మూడో బ్లాకు షీట్ పెట్టాక దాని హెడ్డింగులు మొదటిసారి చదివాను.

ఐదో గడి మీద 'ఐడీ కార్డు రెన్యువల్ తేదీ' అని ఉంది. 'సెలవు నుంచి తిరిగొచ్చిన తేదీ' ఆరో గడి మీద ఉంది. మిగతా బ్లాకుల్లో ఈ రెండూ తారుమారు. కార్డులు కంపెనీయే ఒక వారంలో అందరికీ కలిపి చేయించింది, అందుకే పంతొమ్మిది తేదీలూ ఒక్క వారంలో పడ్డాయి. స్టీల్ ఫిక్సర్ ఆరో గడిలో రెండేళ్ళ రెండు నెలల కిందటి తేదీ శుభ్రంగా ఉంది. క్యాంపు బాస్ సరిగ్గానే రాసి పంపాడు. హెడ్డింగులు నరికేసింది నేను.

తల కొట్టేసినట్టయింది. లేచి మేనేజరు దగ్గరికి పోయి, తప్పు నాదని చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, న్యాయమైనవే. గడుల స్థానం చూడకుండా హెడ్డింగుల పేరు చూసి నాలుగు షీట్లూ కలిపి కొత్త జాబితా ఇచ్చాను. మూడో బ్లాకు నుంచి ఐదుగురు వచ్చారు. స్టీల్ ఫిక్సర్‌కి ఆ శనివారానికే టికెట్ అయింది, ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు.

టికెట్ నేనే తీసుకుని క్యాంపుకి వెళ్ళాను. జరిగింది దాచకుండా చెప్పాను. అతను కాగితం వంకే చూస్తూ విన్నాడు.

"మంచిదే అన్నా, పోతున్న గద. గని పదకొండు రోజుల సంది ఆ పెద్దాయనను మేమందరం దొంగ లెక్క జూసినం. ఆయనకు జెప్పినవా?"

చెప్పలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ క్యాంపు బాస్ గదికి వెళ్ళాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నన్ను చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోపే అడిగాడు.

"చెప్పప్పా. ఎవురు?"

"ఎవరేమిటి?"

"మా ఇంట్లో ఎవురు పోయినారు? ఇంటికాడ ఎవురన్నా పోతే ముందు ఆఫీసుకే కదా ఫోన్ వచ్చేది. టికెట్ అయ్యేదాకా చెప్పరు, మొగం తప్పించుకోని తిరుగుతారు. ఇన్నేండ్ల నుంచి చూస్తాండ. నువ్వు నాతో మాట్లాడకుండా పోతాంటివి, మూడో బ్లాకు పిల్లోళ్ళు నా బల్లకాడికే రాకపాయ. పదకొండు దినాలుగా రోజూ ఇంటికి ఫోన్ చేసి ఒక్కొక్కర్నే పిలిపించి గొంతు వింటాండ. మా చిన్నోడొక్కడు దొరకలే. పని మీద బెంగుళూరు పోయినాడంటారు. నేను నమ్మలే."