ఎవరూ కూర్చోని కుషన్లు

మా వదిన కుట్టే కుషన్ గురించి ముందు చెప్పనివ్వండి, తర్వాత మీరు నన్ను ఏమైనా అనుకోండి. వెన్నెముక చివర ఎముక ఆనే చోట అరచెయ్యంత ఖాళీ ఉండేలా ఫోమ్ కోస్తుంది. అడుగున గట్టి పొర, పైన మెత్తటి పొర. కవరుకి జిప్ పెట్టదు, అంటుకునే పట్టీ వేస్తుంది. జిప్ తొడకి గుచ్చుకుంటోందని మొదటి కుషన్ వాడిన మనిషి గొణిగాడట. ఆ మనిషి మా అన్నయ్యే. బస్సు డ్రైవరు. నడుం నొప్పితో మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే చూడలేక, బస్సుల వర్క్‌షాపులో చిరిగిన సీట్లు కుట్టే వదిన మిగిలిన ముక్కలతో ఆ మొదటిది కుట్టింది. నెల తిరిగేసరికి అన్నయ్యతో పనిచేసే డ్రైవర్లందరూ మా గుమ్మం ముందు నిలబడ్డారు.

నాది ఫోన్ల రిపేరు షాపు. ఆన్‌లైన్‌లో అమ్ముదామని వదిన వెంట పడింది నేనే. ఫోటోలు తీశాను, పేజీ తెరిచాను, ఆర్డర్లు చూడటం నా పనిగా పెట్టుకున్నాను. వదిన వర్క్‌షాపు మానేసి మా షాపు వెనక గది అద్దెకి తీసుకుంది. రెండు కుట్టు మిషన్లు, గుడ్డ కోసే బల్ల. మిషన్ మీద ఒకావిడ, బల్ల దగ్గర ఇంకొకావిడ. బల్ల దగ్గరావిడకి గుడ్డా పదునుగానే తెగుతుంది, మాటా పదునుగానే తెగుతుంది కాబట్టి మేమందరం కత్తెరక్క అంటాం. మూడేళ్లలో నలభై ఒక్క రివ్యూలు వచ్చాయి. తక్కువే అంటారా? ఒక్కొక్కటీ ఉత్తరమంత ఉంటుంది.

మా వదిన ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నెమ్మదిగా చదువుతుంది. నేనూ అన్నయ్యా దాని మీద ఎన్ని జోకులేసుకున్నామో లెక్కలేదు. ఈ కథలో నవ్వులపాలైంది ఎవరో మీరే చూడండి.

పోయిన ఏడాది మా కుషన్ లాంటిదే ఇంకొకటి ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అచ్చులో పోసిన కుషన్. తొమ్మిది వందల పైచిలుకు రివ్యూలు, ఐదుకి నాలుగు పాయింట్ తొమ్మిది. రెండు నెలల్లో మా ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. ఇలాగే సాగితే గది ఖాళీ చేసి, ఆ ఇద్దరినీ ఇంటికి పంపి, తను మళ్లీ వర్క్‌షాపులో చిరుగులు కుట్టుకోవాలని వదిన లెక్కేసుకుంది. పైకి ఏమీ అనలేదు. కానీ కత్తెరక్క వెళ్లేటప్పుడు రోజూ చెప్పే "రేపు పెందలాడే రా" అనే మాట మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒళ్లు మండితే నేను చేసే పనులు అన్నయ్యకి బాగా తెలుసు. ఫోన్‌లో ఒక గ్రూపు దొరికింది. అందులో ఒక పెద్దమనిషి పద్ధతి చెప్పాడు. వాళ్ల మనుషులు పది మంది మా కుషన్ నిజంగానే కొంటారు, ఐదు నక్షత్రాలిచ్చి రాస్తారు, ఆ తర్వాత ధర వాళ్లకి నేను వెనక్కి పంపెయ్యాలి, పైన అతని కమీషన్. నిజంగా కొన్నారు కాబట్టి రివ్యూ పక్కన కొన్నవాళ్లు రాసిందేనన్న గుర్తు కూడా పడుతుంది, ఎవడూ పట్టుకోలేడు అన్నాడు. ఎవరికీ చెప్పకుండా సరేనన్నాను. ఆదివారం, సోమవారం రెండు రోజుల్లో పది రివ్యూలూ వచ్చి పడ్డాయి.

వదిన ముఖం ఎలా వెలిగిపోయిందని! మిషన్లు ఆపించి, వేలు పెట్టి, పదీ గదిలో అందరికీ చదివి వినిపించింది. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడి తల ఊపాను.

అక్కడితో ఆగితే మా వదిన ఎందుకవుతుంది? ఆ అచ్చు కుషన్‌లో మనకి రాని గొప్పతనం ఏముందో నేర్చుకుందామని, ఒక నోటుబుక్కూ పెన్సిలూ తీసుకుని వాళ్ల రివ్యూలు చదవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా షాపులో స్టూలు మీద కూర్చుని రోజుకో గంట. నేను పైకీ కిందకీ తోసుకుంటూ పోయే చోట ఆవిడ ఒక్కో మాట దగ్గరా ఆగేది.

మూడో రోజు నన్ను పిలిచి, ఇందులో ఎవరూ కూర్చోలేదయ్యా అంది. నాకు అర్థం కాలేదు. వివరంగా చెప్పింది. కొత్త ఫోమ్‌కి రెండు రోజులు వాసనుంటుంది, మన దగ్గర సగం మంది అది రాశారు, అక్కడ ఒక్కరి ముక్కుకీ తగల్లేదు. ఏ బండి నడుపుతారో, ఎన్ని గంటలు కూర్చుంటారో ఎవరూ రాయలేదు. చాలా బాగుంది, ధరకి తగిన నాణ్యత, అందరూ కొనండి. ఈ మూడు ముక్కలనే అటు తిప్పి ఇటు తిప్పి రాశారు. అంతా ఐదు నక్షత్రాలే, రెండూ మూడూ ఇచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

అప్పుడు నేనూ చదవడం మొదలుపెట్టాను. తారీఖుల వరసలో పెడితే, నెలల తరబడి ఏమీ లేదు, ఒక్క వారంలో రెండు వందలు. రాసినవాళ్ల పేర్లు నొక్కి చూస్తే, అదే వారంలో వాళ్లు తలనూనెకీ, టార్చి లైటుకీ, కుక్క గొలుసుకీ కూడా ఐదేసి నక్షత్రాలు పంచారు. బాగా పాతవి చూస్తే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. 'వెలుగు బాగా వస్తోంది, పిల్లలు చదువుకుంటున్నారు' అని ఉంది. ఆ పేజీలో అంతకుముందు టేబుల్ లైటు అమ్మేవాళ్లన్నమాట. లైటు తీసేసి, దానికొచ్చిన మెప్పులన్నీ అలాగే ఉంచి, కుషన్ ఫోటో పెట్టేశారు.

ఆ మర్నాడు వదిన వేలు ఒక చోట ఆగిపోయింది. పెదాలు కదలడం ఆగింది. "నాకు ఎడమ కాలు కాస్త పొట్టి. చెప్పగానే ఎడమ పక్క ఒక పొర ఎక్కువేసి కుట్టారు. లారీలో పన్నెండు గంటలు కూర్చున్నా తుంటి లాగడం లేదు" అని ఉంది అక్కడ. ఆ మాటలు రాసింది మా దగ్గర కుషన్ కొన్న ఒక లారీ డ్రైవరు. రెండేళ్ల కింద, మా పేజీలో. అక్షరం పొల్లుపోకుండా ఎత్తుకెళ్లి ఇంకో పేరు కింద పెట్టారు. ఫోటో కూడా అదే. ఆ రోజు నల్లదారం అయిపోతే వదిన ఎర్రదారంతో రెండు వరసలు కుట్టింది, అది ఫోటోలో స్పష్టంగా కనబడుతోంది. అచ్చులో పోసిన కుషన్‌కి కుట్టెక్కడిది? ఎడమ పక్క ఎక్కువ పొర ఎక్కడిది?

నేను గాల్లో తేలిపోయాను. దొరికారు వెధవలు, ఇప్పుడే ఆ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీకి రాసేద్దామని ఫోన్ తీశాను. వదిన ఆగమంది. ఒకరి మీద వేలు చూపించేముందు మనవీ అదే పెన్సిల్‌తో ఒకసారి చదువుదాం అంది.

వద్దని ఎన్ని వంకలు చెప్పానో! షాపులో పనుంది అన్నాను, చార్జింగ్ లేదు అన్నాను. ఫోన్ల షాపులో చార్జింగ్ లేదట! ఆవిడ చదువుతూనే ఉంది. నలభై ఒకటి దాటింది. కొత్త పదిలో నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. 'జిప్ చాలా మెత్తగా కదులుతోంది' అని ఉంది అక్కడ, ఆ రోజు సంబరంలో ఆవిడ పట్టించుకోకుండా దాటేసిన మాట.

వదిన తలెత్తి నన్ను చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"జిప్ ఎక్కడిదయ్యా?"

నేను ఫోన్ అందుకోబోతే వదిన ఇవ్వలేదు.

"పెట్టె కూడా విప్పలేదు వీళ్లు. మిషన్లు ఆపించి మరీ పదీ చదివి వినిపించాను కదయ్యా నేను."

అంతా చెప్పేశాను. గ్రూపూ, పెద్దమనిషీ, కమీషనూ. మీకోసమే వదినా, గది పోకూడదని చేశాను అన్నాను. నిజమే, కానీ చెబుతుంటే నాకే చప్పగా వినబడింది. వదినకి కోపం వచ్చిన చోటు వేరు. పది కుషన్లు, ఒక్కొక్కటీ రెండు గంటల పని, ఎక్కడో మూలల్లో పెట్టెల్లోనే పడున్నాయి, నడుం నొప్పి ఉన్న ఒక్క మనిషికీ చేరలేదు. దానికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ముఖం చెల్లలేదు.

తర్వాత ఆవిడ చెప్పినట్టే కంపెనీకి రాశాను. లారీ డ్రైవరు రాసినదీ, ఎత్తుకెళ్లినదీ, రెండు తారీఖులూ. ఎర్రదారం ఫోటో. లైటు సంగతి. ఒక్క వారంలో పడ్డ రెండు వందలు. అన్నీ అయ్యాక చివర ఇంకో మాట రాయమంది. మా పేజీలో ఈ పది కూడా డబ్బిచ్చి రాయించినవే, తీసెయ్యండి అని.

"వదినా, అది రాస్తే మన పేజీనే మూసేస్తారు. గది పోతుంది."

"పోనీ. రాయి."

కత్తెరక్కనీ, మిషన్ మీదావిడనీ పిలిచి ఇదీ సంగతి అని వదినే చెప్పింది. పని పోవచ్చని కూడా చెప్పింది. మిషన్ మీదావిడ, చేసేదేదో చేసెయ్యమ్మా, మేమున్నాం అంది. కత్తెరక్క నా వైపు ఒకసారి చూసి, గుడ్డ బదులు ఇంకేదైనా కొయ్యాలా అని అడిగింది.

పేజీ మూసేశారు. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ వదిన వర్క్‌షాపుకి వెళ్లి, సీటు కవర్ల పని అడిగి తెచ్చి, ఆ ఇద్దరితో కలిసి కుట్టింది. ఒక్కరోజు కూడా ఎవరినీ ఇంటికి పంపలేదు. అన్నయ్య నాతో మాట్లాడలేదు. నేను రోజుకి పాతికసార్లు ఆ పేజీ తెరిచి చూసేవాణ్ణి.

పన్నెండో రోజు పేజీ తెరుచుకుంది. పది పోయాయి, నలభై ఒకటి మిగిలాయి. నాలుగు పాయింట్ మూడు. మళ్లీ ఇలా జరిగితే శాశ్వతంగా మూసేస్తామని ఒక హెచ్చరిక. ఆ అచ్చు కుషన్ వాళ్లని ఏం చేశారో కంపెనీ చెప్పలేదు, చెప్పరట. కానీ ఆ తొమ్మిది వందలు కాస్తా అరవై రెండైంది, ఆ అరవై రెండులో వాసన గురించి రాసినవాళ్లూ కనబడ్డారు. మా ఆర్డర్లు ఒక్కరోజులో పుంజుకోలేదు. మెల్లగా, నెల తర్వాత, గది అద్దెకి భయపడే అవసరం పోయింది. వదిన ఒక సాయంత్రం కత్తెరక్కతో, రేపు పెందలాడే రా అంది.

హెచ్చరికతో పాటు నియమాలు కూడా పంపారు. వదిన వాటిని నా చేత పైకి చదివించింది. అమ్మేవాళ్ల ఇంట్లోవాళ్లూ, బంధువులూ ఆ వస్తువు గురించి రివ్యూ రాయకూడదట. న్యాయమే. కాబట్టి ఆ పేజీలో నేనెప్పుడూ రాయలేను. ఇక్కడ రాస్తున్నాను, ఇక్కడ నక్షత్రాలు లేవు, ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు. నాలుగేళ్లుగా పొద్దున తొమ్మిది నుంచి షట్టరు దించేదాకా మా వదిన కుట్టిన కుషన్ మీదే కూర్చుని ఫోన్లు విప్పుతున్నాను. మొదటి రెండు రోజులు వాసనొచ్చింది. ఎండాకాలం నల్లగుడ్డ వేడెక్కుతుంది. మూడో ఏట కుడివైపు అణిగితే అడక్కముందే పొర మార్చి ఇచ్చింది. నడుం నొప్పంటే ఏమిటో నాకింకా తెలియదు. ఆవిడ మరిదినని చెప్పుకోవడం నాకు గర్వం.