అడ్డకడ్డీ

ఆదిలాబాద్‌లో మా సంఘానికి గుడి లేని రోజుల్లో, మూతపడ్డ జిన్నింగు మిల్లు యజమాని తన పత్తి గోదామును మాకు ఇచ్చాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు. నేను ఆ సంఘానికి సువార్తికుడిని. కింద ఆరాధన, పైన చెక్క అంతస్తు వేసి మా కాపురం అని పెద్దలు తీర్మానించారు. పనిని మా సంఘస్థుడే అయిన ఒక ముసలి మేస్త్రీకి అప్పగించారు.

గోడల మీది సున్నం పెచ్చులు గీకేసరికి ఎర్రటి ఇటుక బయటపడింది. మేస్త్రీ దాన్ని అరచేత్తో తుడిచి, "గిసొంటి ఇటుకను మల్ల దాస్తే పాపం తగుల్తది అయ్యగారూ" అన్నాడు. సందుల్లో కొత్త గచ్చు నింపి ఇటుకను అలాగే వదిలేశాం. కప్పులో నాలుగు రేకులు తీసి గాజు పలకలు పెట్టాడు. పొద్దున వాటిలోంచి ఎండ ఏటవాలుగా దిగితే, ఏళ్ల తరబడి పైన పేరుకున్న పత్తినూగు అందులో తేలుతూ కనిపించేది. అది చూసి నేను కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పేవాణ్ని.

కప్పును మోసేవి ఇనుప కైంచీలు. కత్తెరలా పైన కలిసే రెండు వాలు కడ్డీలు, వాటి కింది కొసలను కలుపుతూ గోడ నుంచి గోడకు ఒక అడ్డకడ్డీ. ఆరాధన గది ఎత్తుగా ఉండాలని చెక్క అంతస్తును పైకి జరిపించింది నేనే. దాంతో మా గదిలో ఒక అడ్డకడ్డీ సరిగ్గా నా నుదుటికి తగిలేది. రెండుసార్లు బొప్పి కట్టింది.

"తీసెయ్" అన్నాను మేస్త్రీతో.

"గది తీస్తే కైంచి కాళ్లు పక్కకు జారుతయి. గోడలను బయటికి తోస్తయి. ఇయ్యాల కాకుంటే రేపు."

"ఒక్కటే కదా."

"ఒక్కటే అయ్యగారూ. మన పానం లెక్క."

నా భార్య నవ్వింది. "తగిలితే తల వంచుండ్రి. కింద గుడే గదా ఉన్నది!"

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ ఆదివారం నీళ్ల మీద నడవబోయి మునగసాగి, ప్రభువు చేత 'అల్పవిశ్వాసీ' అనిపించుకున్న శిష్యుని గురించి ప్రసంగించాను. చివర్లో మేస్త్రీ వైపు చెయ్యి చూపి, "మన మధ్యా ఒక అల్పవిశ్వాసి ఉన్నాడు. ఆయన నమ్మకమంతా ఒక ఇనుప కడ్డీ మీదే" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన తలపాగా సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు పనికి రాలేదు.

నేను బండిచక్రాలకు కమ్మీలు వేసే కమ్మరిని పిలిపించి కడ్డీ కోయించాను. రంపం ఇంకా పూర్తిగా దిగకముందే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెగిన రెండు కొసలు వాటంతట అవే వేలెడు దూరం జరిగాయి. ఎర్రటి గోడలో పైనుంచి ఒక పగులు మెట్లు దిగినట్టు ఇటుక సందుల వెంట దిగింది. కింద ఊడుస్తున్న నా భార్య చీపురు వదిలేసి బయటికి పరుగెత్తింది.

మేస్త్రీకి కబురు పంపడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆమే వెళ్లి పిలుచుకొచ్చింది. ఆయన నన్ను చూడలేదు, గోడను చూశాడు. కైంచి కింద టేకు మొద్దులు నిలబెట్టి బరువు వాటి మీదికి తెచ్చాడు. రైలు పెట్టెలను కలిపే, తిప్పేకొద్దీ రెండు కొసలను దగ్గరికి లాగే పాత మర ఒకటి సంపాదించి, తెగిన కొసల మధ్య బిగించి, రోజుకు కొంచెం చొప్పున తిప్పుతూ గోడను లోపలికి లాగాడు. వారం పట్టింది. అన్ని రోజులూ నేను ఆయనకు నీళ్లందించాను గాని, చెప్పాల్సిన మాట చెప్పలేదు.

పగులులో నింపిన గచ్చు ఎర్రటి ఇటుక మధ్య తెల్లగా, వచ్చిన ప్రతివాడికీ కనిపించేలా మిగిలింది. ఎవరైనా అడిగితే, "పాత కట్టడం కదా" అనేవాణ్ని.

"ఈ ఒక్క గోడకు సున్నం పూస్తావా?" అని అడిగాను మేస్త్రీని.

"పూస్త. గోడకైతే పూస్త."

ఆయన సున్నం బకెట్టు తెచ్చాడు కూడా. నేను వద్దన్నాను. రెండు ఆదివారాలు వేరే ప్రసంగాలు చేసి దాటేశాను. మూడో ఆదివారం లేచి, కడ్డీ కోయించింది నేనని, ఆయన మాటే నిజమని, అందరి ముందు ఆయన్ను అవమానించానని చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన వెనక వరసలో కూర్చుని, "కూసోండ్రి అయ్యగారూ, అయిపోయింది" అన్నాడు.

అయిపోలేదు. నా క్షమాపణను అందరూ వారంలో మరిచిపోయారు. నేను పెట్టిన పేరు మాత్రం నిలిచిపోయింది. నా ఎదుటే సంఘపు పెద్దలు, "అల్పవిశ్వాసీ, జర మా ఇంటి కప్పు సూసి పో" అని కేకేసేవారు. ఆయన అదే తన పేరన్నట్టు, "వస్తున్న" అని పలికేవాడు.