కందకం దగ్గర కోతల మామ

కోతల మామ నోరు విప్పితే ఆ వీధిలో కుక్కలు కూడా తోక ఆడించడం ఆపి వినేవి. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు ఆయన కథ ఒక్కటి విన్నాక మాట్లాడాలి. ఒకసారి ఎక్కడో లోతు గోతిలో మట్టిగోడ ఒరిగిపోతుంటే ఈయన వెళ్లి వీపు ఆనించి నిలబడ్డాడట. కూలీలంతా పైకెక్కి, టీ తాగి, చాలక రెండో టీ కూడా తాగి వచ్చేదాకా గోడ కదలలేదట. "కదలడానికి దానికే సిగ్గేసింది" అనేవాడు మీసం దువ్వుకుంటూ. ఇంకోసారి వానపాములు వరసగా పైకొచ్చి, ఫలానా చోట నేల బాగాలేదని ఆయనకి విన్నవించుకున్నాయట.

ఇంత కోసేవాడికి మురుగునీటి పైపుల పనిలో తవ్వకాల తనిఖీ ఎలా అప్పగించారని కొత్తవాళ్లకి అనుమానం వచ్చేది. తెల్లవారి ఆయన కందకం చుట్టూ తిరగడం చూస్తే ఆ అనుమానం తీరిపోయేది. ఆ కాసేపు ఆయనకి నోరుందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. మట్టిగడ్డ తీసి బొటనవేలితో నొక్కేవాడు. వేలు వెన్నలోకి దిగినట్టు దిగితే మొహం చిట్లించేవాడు. అంచు దగ్గర నేల నెర్రెలిచ్చిందా, అడుగున నీరు ఊరుతోందా, తవ్విపోసిన మట్టి అంచుకి కనీసం రెండడుగుల ఎడంగా ఉందా, నిచ్చెన చేతికందేంత దగ్గర్లో ఉందా అన్నీ చూసేవాడు. ఆయన తల ఊపితేనే మనిషి కిందికి దిగాలి. ఊపకపోతే ఇంజినీరైనా సరే పైనే నిలబడాలి.

ఆ వీధిలో పని రెండు రకాలుగా సాగింది. మొదట్లో ఖాళీ స్థలం ఉంది కాబట్టి గోడల్ని ఏటవాలుగా చెక్కేశారు. మట్టి వదులుగా ఉందని అడుగు లోతుకి అడుగున్నర వెడల్పున వాలు పెట్టించాడు మామ. దుకాణాల దగ్గరికి వచ్చేసరికి వాలుకి చోటు లేదు. అక్కడ నిలువుగా తవ్వి, రెండు ఇనుప పలకల మధ్య దూలాలు బిగించిన పెద్ద పెట్టెని లోపలికి దించారు. మట్టి విరిగిపడినా పలకల మీదే పడుతుంది, లోపలి మనిషికి తగలదు. పైపు వేసిన కొద్దీ తవ్వే యంత్రం ఆ పెట్టెని ముందుకి లాగుతుంది, వెనక మిగిలిన గొయ్యిని పూడ్చేస్తారు.

పైపులు బిగించే మేస్త్రి మామకి స్వయానా బావమరిది. పని నేర్చినవాడు, కాకపోతే బావ కథలు పెళ్లిలో, బారసాలలో, చివరికి ఆసుపత్రి వరండాలో కూడా విని విని చెవులు కాయలు కాచినవాడు.

ఆ రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అందరూ పైకొచ్చి దర్జీ అక్క దుకాణం చూరు కింద దూరారు.

"వాన ఆగాక నేను చూసి చెప్పేదాకా ఎవడూ దిగకండి" అన్నాడు మామ. అన్నాక కథ ఎత్తుకున్నాడు.

"ఆ గోడ ఎంత ఎత్తనుకున్నావ్, అక్కా? పైన నిలబడ్డవాడు కింద ఉన్నవాడిని పిలిస్తే, ఆ పిలుపు చేరేసరికి కిందివాడికి గడ్డం పెరిగేది."

"మరి గడ్డం గీసుకోవడానికి మంగలిని కూడా కిందికే దించారా, అన్నా?" అంది దర్జీ అక్క, కుట్టు ఆపకుండా.

యంత్రం నడిపే ఆపరేటర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. వాన వెలిసింది, ఎండ వచ్చింది, కథ మాత్రం సగమే అయింది. మామ వీపు ఇంకా గోడకి ఆనలేదు.

"అప్పుడు నేనేం చేశానంటే, మా బావమరిదిని అడగండి, వాడికి తెలుసు..." అని పక్కకి తిరిగాడు. బావమరిది కూర్చున్న పీట ఖాళీగా ఉంది.

కథ అక్కడే ఆగిపోయింది. కోతల మామ కథ మధ్యలో ఆగడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు.

ఆయన గబగబా నడిచాడు, పరిగెత్తలేదు. అంచుకి కాస్త దూరంలోనే టక్కున ఆగాడు. అంచుకి సమాంతరంగా నేల మీద సన్నని నెర్రె, పొద్దున లేనిది. దానికి అవతల, అంచుని ఆనుకునే, తడిసి బరువెక్కిన మట్టికుప్ప.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు.

ఆపరేటర్ నవ్వు ఆరిపోయింది. "అక్క గుమ్మానికి అడ్డంగా ఉందంటే... నువ్వు ఆ చివర ఉన్నప్పుడు కొంచెం అటు నెట్టాను, మామా."

నెర్రె దాటకుండా మామ గొయ్యి చివరికి చుట్టి వెళ్లి లోపలికి చూశాడు. ఇనుప పెట్టె ముందుంది. దాని వెనక, ఏ ఆసరా లేని నిలువు గోడల మధ్య, బావమరిది వంగి పైపు అతుకు సర్దుతున్నాడు. పెట్టె లాగినప్పుడు రబ్బరు చుట్టు జారిందట. కథ పూర్తయ్యేలోపు సరిచేసి వచ్చేద్దామనుకున్నాడు. అతని పాదాల దగ్గర నీరు ఊరుతోంది.

"పెట్టెలోకి రా. నిచ్చెనెక్కు" అన్నాడు మామ.

"వస్తున్నా, బావా. ఒక్క నిమిషం. ఏంటి, వానపాములేమైనా కబురు పెట్టాయా?"

చూరు కింద ఎవరో కిసుక్కున నవ్వారు. మామకి అరవాలనిపించింది. ఆకాశం విరిగిపడుతోందనో, భూమి నోరు తెరిచిందనో చెప్పాలని నాలుక దురద పెట్టింది. అవన్నీ చెప్పీ చెప్పీ ఆయన ఖజానాలో భయం పుట్టించే మాట ఒక్కటీ మిగల్లేదు.

"నీ ఎడమ వైపు గోడకి పైన వేలెడు నెర్రె ఉంది" అన్నాడు మెల్లగా. "పొద్దున లేదు."

బావమరిది చెయ్యి ఆగిపోయింది. తలెత్తి చూశాడు. మామ మీసం దువ్వుకోవడం లేదు. వేలెడు! ఏనుగు దూరేంత కాదు, బండి పట్టేంత కాదు. ఇరవై ఏళ్ల బంధుత్వంలో బావ ఇంత చిన్న కొలత చెప్పడం ఎప్పుడూ వినలేదు. చేతిలోది అక్కడే వదిలేసి, ఒక్క ఉదుటున పెట్టెలోకి దూకి నిచ్చెన అందుకున్నాడు.

తల బయటికి రావడమే ఆలస్యం, వెనక బస్తా జారిపడినట్టు బరువైన చప్పుడు. నెర్రె దాకా గోడ పలకలా విడిపోయి, మట్టికుప్పతో సహా జారి, బావమరిది వంగిన చోటుని నింపేసింది. పైపు కనబడలేదు.

బావమరిది మిగతా మెట్లు ఎక్కి అంచుకి దూరంగా వచ్చి పడ్డాడు. దర్జీ అక్క సూది చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆమెనీ, మిగతావాళ్లనీ మామ అరిచి దూరంగా నిలబెట్టాడు. పక్క గోడ సంగతి ఇంకా చూడాలి.

ఆ సాయంత్రం ఎవరూ దిగలేదు. తాడు కట్టించి మనుషుల్ని ఆపాడు. ఆపరేటర్ యంత్రాన్ని గొయ్యి చివర నిలిపి, మిగిలిన కుప్పని దూరంగా పోశాడు, ప్రతి తొట్టెడికీ మామ మొహంలోకి చూస్తూ. నీళ్లు తోడి, పెట్టెని వెనక్కి తెచ్చి బిగించాకే ఆ అతుకు ముట్టుకోవాలని తేల్చేశాడు మామ.

"నా గుమ్మం వల్లే కదా, అన్నా?" అంది దర్జీ అక్క.

"గుమ్మం ఖాళీ చెయ్యమని అడిగేది నువ్వు, కుప్ప ఎక్కడ పడిందో చూడాల్సింది నేను. వాన వెలవగానే లేవాల్సింది" అన్నాడు మామ.

చీకటి పడేసరికి బావమరిది మామ ఇంట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. తోడబుట్టిన అక్క, మామ భార్య, వడ్డిస్తోంది.

"అక్కా, కొండ విరిగిపడిందనుకో! రెండు లారీల మట్టి! దుమ్ముకి సూర్యుడు కనబడలేదు!"

"వానలో తడిసిన మట్టికి దుమ్మెక్కడిది రా?" అన్నాడు మామ అన్నం కలుపుకుంటూ. "తోపుడుబండికి సరిపడా ఉంటుంది, అంతే."

"తోపుడుబండేనా?" అంది ఆయన భార్య, గరిటె పట్టుకుని.

"ఆ మాత్రం చాలు. ఛాతీ దాకా వచ్చినా ఊపిరి తీసుకోనివ్వదు."

ఆమె కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తమ్ముడి కంచంలో అడగకుండానే నెయ్యి వేసింది. మొగుడి కంచంలో ఇంకాస్త ఎక్కువ వేసింది.

"అది సరే, వీడు నిచ్చెన ఎలా ఎక్కాడు?" అంది.

మామ చెయ్యి మీసం మీదికి వెళ్లింది. "ఎక్కడమా? నిచ్చెన మెట్లే వీడి కాళ్ల కింద పరిగెత్తాయి!"

బావమరిది హమ్మయ్య అనుకుని, మారు అన్నం పెట్టమన్నాడు.