రెట్టింపు పాఠాలు

ఇదివరకు రోజూ సాయంత్రం ఆమె భర్త అంట్లు తోముతుంటే, కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, పోటీ పరీక్షకు ఆ రోజు చదివిందీ తప్పిందీ ఆయనకు చెప్పేది. ఆయన పోయాక అంట్లు తల్లి చేతికొచ్చాయి, ఆ కబుర్లు కూతురు రోజూ నింపే కోచింగ్ సెంటర్ యాప్‌లోకి పోయాయి.

ఆదివారం కోచింగ్ సారు తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఈ వారం మీ అమ్మాయి బాగా వెనకబడింది. వచ్చే వారానికి పాఠాలు రెట్టింపు చేశాను."

ఆమెకు ఒళ్లు మండింది. "కూలబడ్డ ఎద్దు మీద ఇంకో బస్తా వేస్తారా సారూ? పాత లెక్కలే తప్పుతోంది. వాళ్ల నాన్నయితే కొత్తవి ఆపి, తప్పినవే మళ్లీ చేయించేవారు."

"వెనకబడ్డవాళ్లందరికీ ఇంతేనమ్మా."

"మరి రోజూ పిల్లని అడిగి యాప్‌లో రాయించుకునేదంతా పోగేసి పొయ్యిలో పెట్టడానికా?"

ఫోన్ పెట్టేసింది. సింకు నిండా ఉన్న అంట్ల వంక చూడకుండా గుమ్మంలో చతికిలబడి, కూతుర్ని కేకేసింది.

"రా తల్లీ. ఈ వారం ఏవి తప్పాయో నాకు చెప్పు."