ఎబౌట్‌లో అమ్మ

గుంటూరు సీఏల లింక్డ్ఇన్ ప్రొఫైళ్ళు వరసగా చదివితే ఈ ఊళ్ళో మామూలు మనిషనేవాడు మిగల్లేదని తెలుస్తుంది. ఒకాయన ‘థాట్ లీడర్’. ఇంకొకాయన ‘ట్యాక్స్ ఎవాంజలిస్ట్’. గడువు ఆఖరి రోజు దాకా క్లయింటు ఫోనెత్తని మూడో ఆయన ‘చిన్న వ్యాపారాల ఎదుగుదలకు అంకితమైన వర్చువల్ సీఎఫ్‌ఓ’. ఇవి చదువుతుంటే సిద్దికాకి ఒళ్ళు మండిపోయేది. మూడో ఆయనది చూసినప్పుడు మరీ మండేది. అది రాసింది తనే.

ఆ మూడో ఆయన త్రినాథ్. సీఏ పాసైన దగ్గర్నుంచి మొన్నమొన్నటి దాకా సిద్దికా ఆయన ఆఫీసులో జీతానికి పనిచేసింది. ఆ ఆఫీసులో నోటీసులకు జవాబులు సిద్దికా రాసేది, సంతకం త్రినాథ్ పెట్టేవాడు. పేపర్లో వ్యాసం సిద్దికా రాసేది, ఫోటో త్రినాథ్‌ది పడేది. ఆఖరికి ఆయన తన గురించి తాను చెప్పుకోవాల్సిన నాలుగు ముక్కలు కూడా సిద్దికాయే రాసిపెట్టింది. త్రినాథ్ వాళ్ళమ్మగారు అప్పుడప్పుడు కారులో ఆఫీసుకు వచ్చేది. మిర్చి యార్డు దాటేదాకా అద్దాలు ఎత్తించి, మెట్లెక్కాక కూడా పట్టు కొంగు ముక్కు మీంచి తీసేది కాదు. “ఈ ఘాటులో మనుషులెలా బతుకుతార్రా త్రినాథ్!” అనేది సిద్దికా వినేలాగే.

ఒక రోజు విసుగెత్తి సిద్దికా ఉద్యోగం మానేసింది. ఎరువుల కొట్టు మీద ఒక గది తీసుకుని సొంత బోర్డు పెట్టింది. త్రినాథ్ నవ్వాడు. “పొయ్యిరా అమ్మా. మిర్చి సీజను అయ్యేసరికి తిరిగొస్తావు. నీ కుర్చీ ఎక్కడికీ పోదులే,” అన్నాడు. ఆ కుర్చీ గుర్తొచ్చినప్పుడల్లా సిద్దికాకి అన్నం సయించేది కాదు. సీజను లోపల నమ్మకమైన క్లయింటు ఒకళ్ళన్నా దొరక్కపోతే గది ఖాళీ చేసి, మళ్ళీ ఆ మనిషి గొప్పలు రాసిపెట్టే పనికే పోవాలి.

తమ్ముడు ముస్తాక్ తాడేపల్లిలో ఏదో డిజిటల్ మార్కెటింగ్ చేస్తుంటాడు. అక్కకి సాయం చేద్దామని ఆదివారం దిగాడు. రాగానే అక్క లింక్డ్ఇన్ ప్రొఫైలుకి హెడ్‌లైన్ టైపు చేసి చూపించాడు: ‘గుంటూరు నంబర్ వన్ సీఏ. ఐదొందల మంది సంతృప్త క్లయింట్లు. జీఎస్టీ నోటీసు వచ్చిందా? నాకు మెసేజ్ పెట్టండి. మొదటి సలహా ఉచితం.’

“క్లయింట్లు ఎక్కడున్నార్రా ఐదొందల మంది? మెట్ల కింద దాక్కున్నారా?” అంది సిద్దికా.

“అందరూ అలాగే రాస్తారక్కా!”

“అందరూ రాస్తే నేనూ రాయాలా? సీఏకి ప్రకటనలిచ్చుకుని పని అడగడమే తప్పు. నంబర్ వన్ అనకూడదు. పనుంటే నా దగ్గరికి రండి అని పిలవకూడదు. మా సీఏల ఇన్‌స్టిట్యూట్‌కి ఎవరన్నా ఫిర్యాదు చేశారంటే నా సభ్యత్వానికే ఎసరు.”

“మరి క్లయింటుకి ఎలా తెలుస్తుంది?”

“నేనేం చేస్తానో రాస్తే తెలుస్తుంది. వెతుక్కునేవాడికి దొరికితే చాలు.”

ముస్తాక్ చెరిపేశాడు. రెండు వందల ఇరవై అక్షరాలు పట్టే చోట సిద్దికా సగం కూడా వాడలేదు: ‘చార్టర్డ్ అకౌంటెంట్, గుంటూరు. మిర్చి, పత్తి, కారం మిల్లులు, చిన్న వ్యాపారాలు: జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, ఆడిట్, బ్యాంకు లోను రిపోర్టులు.’

“సప్పగా ఉందక్కా,” అన్నాడు ముస్తాక్.

“ఉండనీ. వచ్చేవాళ్ళు మిర్చి వాళ్ళు. కారం వాళ్ళ దగ్గరే ఉంటుంది.”

తన గురించి తను చెప్పుకోవాల్సిన ‘ఎబౌట్’ దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఫోనులో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది చదవాలంటే ‘సీ మోర్’ నొక్కాలి. ఆ రెండు లైన్లలో ‘ప్యాషనేట్’ అని రాస్తే ఎవడూ నొక్కడు. అలాంటి మాటలన్నీ త్రినాథ్‌కి రాసిచ్చేసింది కూడా. చివరికి సిద్దికా ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోనిది తెలుగులోనే రాసింది. ‘మా అమ్మ మిర్చి తొడిమలు తీసి నన్ను చదివించింది. క్వింటాకు ఎంత తరుగు పోతుందో, ఎవరి లెక్క ఎక్కడ తప్పుతుందో నేను కాలేజీ కంటే ముందు కళ్ళంలో చూశాను.’ దాని కింద తను చేసే పనులు, ఏ కాగితాలు తెచ్చుకోవాలో, చివర్న ‘సరుకు లేకుండా బిల్లులు సర్దే పని నేను చేయను’ అని. ముస్తాక్ రెండుసార్లు చదివాడు. వాడికీ అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కరీమున్ పోయి రెండేళ్ళు.

సీజను సగమైంది. బిల్లులు సర్దమని అడిగేవాళ్ళు ఫోను చేసి, సిద్దికా ఆ చివరి లైను చదివి వినిపించగానే పెట్టేశారు. ఎండలు ముదిరి, సిద్దికా గది ఖాళీ చేసే మాట ఓనరుతో ఎత్తుదామనుకుంటుండగా ఒక మధ్యాహ్నం కోటేశ్వరి వచ్చింది. దర్శిలో కారం, పచ్చళ్ళ యూనిట్ ఉన్న మనిషి. హైదరాబాద్ సూపర్‌మార్కెట్ల వాళ్ళతో బేరాలన్నీ లింక్డ్ఇన్‌లోనే నడుపుతుంది. బ్యాంకు లోనుకి రిపోర్టు కావాలి, ఏడాది పొడవునా జీఎస్టీ చూసే మనిషి కావాలి.

కూర్చోగానే కోటేశ్వరి ఫోను బల్ల మీద పెట్టింది. “ముందు ఇది చెప్పండి మేడమ్. మీ అమ్మగారూ త్రినాథ్ గారి అమ్మగారూ ఒకే కళ్ళంలో తొడిమలు తీశారా?”

ఫోనులో త్రినాథ్ ప్రొఫైలు. కొత్త ఎబౌట్. ‘మా అమ్మ మిర్చి తొడిమలు తీసి నన్ను చదివించింది.’ కామాతో సహా అంతా అదే. అన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? సిద్దికా రాసింది కనిపిస్తే చాలు, ఆ చెయ్యి సంతకం పెట్టేస్తుంది. ఇన్నాళ్ళూ పని ఎత్తుకుపోయాడు, ఇప్పుడు అమ్మనే ఎత్తుకుపోయాడు. ఛీ అనిపించింది సిద్దికాకి.

“పొద్దున ఆయన దగ్గరికే పోయొచ్చాను. పెద్ద ఆఫీసు, ఏసీ, కాఫీ ఇచ్చారు,” అంది కోటేశ్వరి. “నేనూ చిన్నప్పుడు తొడిమలు తీసినదాన్నేనండి. అందుకని ఒక్క మాట అడిగాను. చేతులు మండితే మీ అమ్మగారు ఏం చేసేవారండీ అని. ఆయన తడుముకోకుండా చెప్పారు. చల్లటి నీళ్ళతో కడుక్కునేదట. మిమ్మల్నీ అదే అడుగుతున్నా.”

“నీళ్ళా!” అంది సిద్దికా. “నీళ్ళు పడితే ఇంకా మంటెత్తిపోవూ? కొబ్బరి నూనె రాసుకునేది. రాసుకున్నా తగ్గేది కాదు. మా ఇంట్లో సీజన్లో అన్నం గరిటెతో కలిపేవాళ్ళు. నాకు జడ పక్కింటావిడ వేసేది.”

బల్ల మీది ఫోను బోర్లా తిప్పింది.

“మా అమ్మ నా మొహం పట్టుకున్నది వానాకాలంలోనేనండి. మిగతా రోజుల్లో నేను ఏడిస్తే మోచేత్తో తుడిచేది.”

కోటేశ్వరి తన అరచేతులు ఒకసారి చూసుకుంది. తర్వాత సంచీలోంచి ఫైలు తీసి బల్ల మీదకు తోసింది. “సోమవారానికి రిపోర్టు కావాలండి,” అంది.

సాయంత్రం సంగతి విని ముస్తాక్ ఫోనులోనే ఎగిరాడు. “కంప్లైంటు పెట్టక్కా! స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీశాను. దెబ్బకి తీసేస్తాడు!”

“వద్దురా, ఉండనీ,” అంది సిద్దికా కోటేశ్వరి ఫైలు తెరుస్తూ. “పట్టు కొంగు ముక్కు మీంచి తీయని ఆవిడ, కొడుకు ప్రొఫైల్లోనన్నా నాలుగు రోజులు తొడిమలు తీయనీ.”